ఫార్సీ బ్యాంకు స్టేట్‌మెంట్, జీతం లెటర్‌ని వీసా కోసం ఇంగ్లీషులోకి ఎలా అనువదించాలి?

హైదరాబాద్‌లో పీజీ చేసిన ఒక ఇరాన్ అమ్మాయి కెనడా స్టడీ పర్మిట్‌కి అప్లై చేస్తూ, షిరాజ్‌లో ఉండే వాళ్ల నాన్నగారి కాగితాలు రెండు నా దగ్గరకు తెచ్చింది. ఒకటి బ్యాంకు బ్రాంచి ముద్ర వేసి ఇచ్చిన ఆరు నెలల స్టేట్‌మెంట్, దాన్ని వాళ్లు గర్దెషె హెసాబ్ అంటారు. రెండోది ఆఫీసు లెటర్‌హెడ్ మీద ఇచ్చిన ఉద్యోగ ధృవీకరణ, నెల జీతం ఎంతో అందులో ఉంది. ఆ రెండింటి మీదా పని ఎలా జరిగిందో అలాగే చెబుతాను, మీ కాగితాలకూ దాదాపు ఇదే దారి.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది అనువాదం ఎవరు చేయాలన్నది. ఫార్సీ, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చినా సరే, కెనడాకి అప్లై చేసే మనిషి తన కాగితాలు తానే అనువదించకూడదు, అన్నాచెల్లెళ్లు, బాబాయిలు, మేనమామలు కూడా చేయకూడదు. సర్టిఫైడ్ అనువాదకులు చేస్తే వాళ్ల ముద్ర సరిపోతుంది, వేరేవాళ్లు చేస్తే అనువాదకుడు నోటరీ ముందు అఫిడవిట్ ఇవ్వాలి. ఇరాన్‌లోనే చేయించుకునేవాళ్లు అక్కడి న్యాయవ్యవస్థ లైసెన్సు ఉన్న మొతర్జెమె రస్మీ దగ్గరకు వెళ్తారు. అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లకి మాత్రం అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉందని, తనకు ఆ భాష నుంచి ఇంగ్లీషులోకి అనువదించే సామర్థ్యం ఉందని అనువాదకుడు రాసి సంతకం పెడితే చాలు. అందుకే ఏ దేశానికి పంపుతున్నారో ముందు తేల్చుకోండి, తర్వాతే పని మొదలుపెట్టండి.

ఇక స్టేట్‌మెంట్. ముందు కాలమ్‌లు ఏవేంటో పెన్సిల్‌తో రాసుకోండి. వారీజ్ అంటే ఖాతాలో పడింది, బర్దాష్త్ అంటే తీసింది, మాందె అంటే మిగిలిన బ్యాలెన్స్. కొన్ని బ్యాంకులు వీటి బదులు బెస్తాన్‌కార్, బెదెహ్‌కార్ అని వేస్తాయి, మొదటిది క్రెడిట్, రెండోది డెబిట్. ఫార్సీ పట్టిక కుడి నుంచి ఎడమకి నడుస్తుంది కదా, ఇంగ్లీషులో తిప్పి వేసేటప్పుడు ఈ రెండు కాలమ్‌లు తారుమారు అయ్యేది సరిగ్గా అక్కడే.

మన తెలుగువాళ్లకి ఇక్కడ ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. పట్టిక చివర జమ్ అని కనిపిస్తే మనకి వెంటనే జమాఖర్చుల్లోని జమ గుర్తొచ్చి క్రెడిట్ అని రాసేస్తాం, కానీ ఫార్సీలో అది మొత్తం, అంటే టోటల్. హొఖూఖ్ అన్నదీ అంతే, మన హక్కు దగ్గర మాటే, కానీ బ్యాంకు కాగితంలో దాని అర్థం జీతం.

ఇప్పుడు ఒక్క లైను దగ్గరగా చూద్దాం. పైది ఒరిజినల్‌లో ఉన్న వివరాలు, కిందది నేను టైప్ చేసింది.

```
۱۴۰۳/۰۶/۳۱ | واریز حقوق شهریور | ۲۷۶٬۰۰۰٬۰۰۰ | ۴۱۲٬۵۰۰٬۰۰۰
31 Shahrivar 1403 (21 Sep 2024) | Salary deposit, Shahrivar |
IRR 276,000,000 | Balance: IRR 412,500,000
```

తేదీ చూడండి. అంకెలు మాత్రమే మార్చి 1403/06/31 అని వదిలేస్తే, చదివే ఆఫీసర్‌కి అది జూన్ 31లా కనిపిస్తుంది, అలాంటి తేదీయే లేదు. ఇరాన్ కాలెండర్‌లో మొదటి ఆరు నెలలకీ 31 రోజులు, తర్వాత ఐదింటికి 30, చివరి ఎస్‌ఫంద్‌కి 29, లీపు సంవత్సరమైతే 30. 1403 లీపు సంవత్సరం, అందుకే ఏడో నెల మెహర్ ఒకటో తేదీ 1403లో సెప్టెంబర్ 22న పడితే, 1404లో సెప్టెంబర్ 23న పడింది. ఒక పట్టిక చూసి అన్ని సంవత్సరాలకీ అదే లెక్క వేస్తే ఒక రోజు తేడా వచ్చేస్తుంది, కాబట్టి ప్రతి తేదీనీ time.ir లాంటి చోట విడిగా మార్చుకోండి, రెండు తేదీలూ పక్కపక్కనే ఉంచండి.

అంకెల్లో ఫార్సీ సున్నా చిన్న చుక్కలా ఉంటుంది, ఐదేమో మన సున్నాలా గుండ్రంగా కనిపిస్తుంది. జిరాక్స్ సరిగ్గా లేకపోతే చుక్క ఎగిరిపోతుంది, ఇరవై ఏడు కోట్లు రెండు కోట్లు అయిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి నాకు తెలిసిన నమ్మకమైన పద్ధతి ఒక్కటే: ముందు లైను బ్యాలెన్స్‌కి పడింది కలిపి, తీసింది తీసేసి, తర్వాతి బ్యాలెన్స్ వస్తుందో లేదో ప్రతి లైనుకీ చూడటం. నేను చూపించిన లైనుకి ముందు బ్యాలెన్స్ 136,500,000 ఉంది, 276,000,000 పడింది, కలిపితే 412,500,000, సరిపోయింది. ఆ ఆరు నెలల కాగితానికి ఇలా చూస్తే నాకు గంటన్నర పట్టింది, రెండు చోట్ల అంకె తప్పు టైప్ చేశానని అప్పుడే తెలిసింది. కామాలు మన లక్షల పద్ధతిలో 27,60,00,000 అని వేయకండి, చదివే ఆఫీసర్‌కి అది టైపింగ్ తప్పులా కనిపిస్తుంది.

అసలు టెన్షన్ జీతం లెటర్‌తో మొదలైంది. అందులో నెల జీతం 33 మిలియన్ తొమాన్ అని ఉంది, బ్యాంకులో పడిందేమో 276 మిలియన్ రియాల్. ఇరాన్‌లో బ్యాంకు లెక్క రియాళ్లలో ఉంటుంది, జనం మాట్లాడేది తొమాన్లలో, ఒక తొమాన్ అంటే 10 రియాళ్లు. అంటే లెటర్ ప్రకారం 330 మిలియన్ రియాల్, అయినా 54 మిలియన్ తేడా ఉంది. ఆ నెల పే స్లిప్, అంటే ఫీషె హొఖూఖీ, అడిగి తెప్పించాను. లెటర్‌లోది కోతలకు ముందు జీతం, అందులో 7 శాతం సోషల్ సెక్యూరిటీ బీమా, అంటే 23.1 మిలియన్ పోయింది, మిగతా 30.9 మిలియన్ ఆదాయపు పన్ను. లెక్క కుదిరింది.

ఇలాంటప్పుడు లెటర్‌లోని తొమాన్ అన్న మాటని రియాల్‌గా దిద్దకండి, ఉన్నది ఉన్నట్టే రాసి, పక్కన చదరపు బ్రాకెట్లలో 1 తొమాన్ 10 రియాళ్లకు సమానమని అనువాదకుడి గమనిక పెట్టండి. తేడాని వివరించేది అనువాదం కాదు, పే స్లిప్. దాన్నీ అనువదించి ఫైల్‌లో పెట్టించాను. స్లిప్‌లో హఖ్ఖె మస్కన్ అని వస్తుంది, నిఘంటువు చూసి నివాస హక్కు అని రాయకూడదు, అది ఇంటి అలవెన్స్. డాలర్లలోకి మార్చమని అడిగితే పట్టికలో మాత్రం చేయి పెట్టకండి, ఇరాన్‌లో అధికారిక రేటు వేరు, బయటి మార్కెట్ రేటు వేరు. ఏ రేటు, ఏ తేదీది అన్నది రాసి వేరే కాగితం మీద ఇవ్వండి.

పేర్లు ఫార్సీ అక్షరాలను బట్టి మీకు తోచినట్టు కాదు, పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయాలి. హొసేనీ అన్న ఒక్క పేరునే ఎస్ ఒకటి పెట్టీ రాస్తారు, రెండు పెట్టీ రాస్తారు. షబా అంటే ఇరాన్ బ్యాంకు ఖాతాకి ఉండే అంతర్జాతీయ నంబర్, అందులో IR తర్వాత 24 అంకెలు ఉండాలి, లెక్కపెట్టండి. ముద్రలు, సంతకాలు, చేత్తో రాసిన డిస్పాచ్ నంబర్ కూడా వదలకూడదు. ముద్ర ఉన్న చోట ముద్ర అని రాసి అందులోని మాటలు అనువదించండి, చదవలేకపోతే చదవలేని విధంగా ఉందని రాయండి, ఊహించి మాత్రం నింపకండి.

చివరి పేజీలో అనువాదకుడి పూర్తి పేరు, తేదీ, సంతకం, ఫోన్ నంబర్, ఇది ఒరిజినల్‌కి సరైన పూర్తి అనువాదమన్న మాట ఉండాలి. ఆ అమ్మాయి ఫైల్‌కి నేను నోటరీ ముందు అఫిడవిట్ ఇచ్చాను. ఒక్కో కాగితానికీ ముందు ఇంగ్లీషు అనువాదం, వెనక సర్టిఫైడ్ ఫార్సీ కాపీ, పేజీ నంబర్లు రెండింటిలో ఒకటే ఉండేలా పెట్టి, అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ చేసి ఇచ్చాను.