రెజ్యూమె ఫోటో: ఏది సరిచేయాలో, ఏది ముట్టుకోకూడదో ఫోటోగ్రాఫర్‌కి ఎలా రాసివ్వాలి?

వైజాగ్‌లో ద్వారకానగర్‌లోనో జగదాంబ దగ్గరో స్టూడియోకి వెళ్లి ఫోటో దిగితే, మనం అడగకపోయినా ముఖం కాస్త తెల్లబడి వస్తుంది. చర్మం నున్నగా మైనం పూసినట్టు తయారవుతుంది. ఫోటోగ్రాఫర్‌ని అని లాభం లేదు. పెళ్లి సంబంధాలకు ఫోటో దిగేవాళ్లు అదే కోరుకుంటారు కాబట్టి ఆయన చెయ్యి అలా అలవాటుపడింది. కానీ ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నవాళ్లు రెజ్యూమెనీ మననీ మార్చి మార్చి చూస్తారు. "నేచురల్‌గా ఉంచండి" అని నోటితో చెబితే చాలదు, ఎవరి నేచురల్ వాళ్లది. ఫోటో దిగే ముందే వాట్సాప్‌లో రాసి పంపండి.

రాసే ముందు అద్దంలో చూసుకుని ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది రెండు వారాల్లో దానంతట అదే పోతుందా? మొటిమ పోతుంది, తీయించుకోవచ్చు. పుట్టుమచ్చ, పాత గాటు పోవు, ఉండనివ్వాలి. కళ్ల కింద నలుపు ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. నిద్ర చాలక కొంత, పుట్టుకతో కొంత. దాన్ని సగం తగ్గించమంటే సరి. పూర్తిగా తీసేస్తే కళ్లు ముఖానికి అతికించినట్టు కనిపిస్తాయి.

ఉదాహరణకి రుషికొండలో ఐటీ ఉద్యోగానికి అప్లై చేస్తున్న ఒకమ్మాయి ఉందనుకుందాం. గడ్డం మీద మొటిమ, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, కనుబొమ్మ పక్కన చిన్నప్పటి గాటు, కళ్లద్దాలు. పైగా వైజాగ్ ఉక్క, స్టూడియో మెట్లెక్కేసరికే నుదురు మెరుస్తుంది. ఆమె ఇలా రాయొచ్చు:

> అన్నయ్యా, నమస్తే. రేపు రెజ్యూమె ఫోటోకి వస్తున్నాను. గడ్డం మీద మొటిమ, ఎగిరిన వెంట్రుకలు, చొక్కా మీద నూగు ఉంటే తీసేయండి. నుదుటి మీద మెరుపు తగ్గించండి. కళ్ల కింద నలుపు సగమే తగ్గించండి. చెంప మీద పుట్టుమచ్చ, కనుబొమ్మ పక్కన గాటు అలాగే ఉంచండి. రంగు తెల్లగా చేయొద్దు, ముఖం సన్నగా చేయొద్దు, కోటు అతికించొద్దు. అద్దాల మీద లైటు పడితే ఎడిటింగ్‌లో కాకుండా మళ్లీ తీద్దాం. ఎడిట్ చేసింది, చేయనిది రెండూ డాక్యుమెంట్‌గా పంపండి.

ఇందులో గొడవ వచ్చేది రంగు దగ్గరే. "లైటింగ్ సరిచేశానమ్మా, తెల్లగా చేయలేదు" అంటారు. నిజమే కావచ్చు. ట్యూబ్‌లైటు వెలుగు కలిస్తే ఫోటో మొత్తం ఆకుపచ్చగానో పసుపుగానో వస్తుంది, దాన్ని సరిచేయాల్సిందే. తేడా పట్టుకోవాలంటే తెల్ల చొక్కా వేసుకెళ్లండి. ఫోటోలో కాలర్ మామూలు తెలుపులో ఉంటే రంగులు సరిగ్గా కుదిరినట్టే, ఇక ముఖాన్ని విడిగా ముట్టుకోనక్కర్లేదు. తర్వాత మెడ, చెవులు చూడండి. ముఖానికి మాత్రమే తెలుపు పూస్తే చాలాసార్లు అవి పాత రంగులోనే మిగిలిపోతాయి. బుగ్గ దగ్గర పెద్దది చేసి చూసినప్పుడు చర్మపు సన్న రంధ్రాలు కొంతైనా కనబడాలి. అసలేమీ కనబడకపోతే నునుపు ఎక్కువైందన్నమాట. బ్యాక్‌గ్రౌండ్ మార్చి ఉంటే జుట్టు అంచు చూడండి. తెల్లటి గీతలా వెలుగుతుంటే మళ్లీ చేయమనండి.

అద్దాల మెరుపు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. దాన్ని ఎడిటింగ్‌లో తీయడం కష్టం, ఎందుకంటే మెరుపు వెనక కన్ను దాగిపోతుంది. లేని కన్నుని గీయాల్సి వస్తుంది. అద్దాల కాడలు చెవుల మీద కాస్త పైకి లేపితే గాజు పలకలు కిందికి వంగుతాయి, లైటు కెమెరా వైపు రాదు. లేదా లైటుని ఇంకొంచెం ఎత్తు చేయమనండి. చెమటకైతే జేబులో టిష్యూ ఉంటే చాలు.

ఎడిటింగ్‌లో కోటు అతికించడం చాలామంది మామూలనుకుంటారు. నా లెక్కలో అది సర్దుబాటు కాదు, వేషం. కోటు కావాలంటే అరువు తెచ్చుకుని వేసుకోండి.

డాక్యుమెంట్‌గా పంపమనడం ఎందుకంటే, మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోని కుదించేస్తుంది. 35 × 45 మిల్లీమీటర్ల ఫోటో 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, ప్రింట్ చేయాలంటే సుమారు 413 × 531 పిక్సెల్స్ కావాలి. అప్‌లోడ్ కోసం సైజు తగ్గించుకోవాల్సి వస్తే ఆ పని మీరే చేసుకోవచ్చు, తగ్గిపోయినదాన్ని మాత్రం మళ్లీ తెచ్చుకోలేరు. ఎడిట్ చేయని ఫైలు కూడా దాచుకోండి. పోటీ పరీక్షల దరఖాస్తులకు సరిదిద్దిన ఫోటో వాడకండి. వాటి నోటిఫికేషన్‌లో బ్యాక్‌గ్రౌండ్, సైజు ఎలా ఉండాలో చూసి, దాని ప్రకారం విడిగా దిగండి.