శేష డిమాండ్ నుంచి ఆధిపత్య సంస్థ ధరను ఎలా కనుక్కోవాలి?

ఒక సరుకు మార్కెట్లో ఒక పెద్ద సంస్థ, దానితో పాటు అనేక చిన్న సంస్థలు ఉన్నాయనుకుందాం. చిన్న సంస్థల్లో ఏ ఒక్కటీ తన ఉత్పత్తితో ధరను కదిలించలేదు కాబట్టి అవన్నీ ధర స్వీకర్తలే. పెద్ద సంస్థ నిర్ణయించిన ధరను చూసి, ఆ ధరకు గిట్టుబాటయినంత సరుకు అమ్ముకుంటాయి. అవి తీర్చగా మిగిలిన గిరాకీ మాత్రమే పెద్ద సంస్థకు దక్కుతుంది. దీన్నే శేష డిమాండ్ అంటారు. పెద్ద సంస్థ తన ధరను ఈ మిగులును బట్టే నిర్ణయించుకోవాలి.

మార్కెట్ డిమాండ్ Q = 240 − 2P, చిన్న సంస్థలన్నీ కలిసి చేసే సప్లై S = P − 30, పెద్ద సంస్థ ఉపాంత వ్యయం ఎంత ఉత్పత్తి చేసినా 10 అని తీసుకుందాం. ధర 30 కంటే తగ్గితే చిన్న సంస్థలకు గిట్టదు కాబట్టి అప్పుడు వాటి సప్లై సున్నా. ఈ చివరి షరతును కాగితం మీద విడిగా రాసుకోవడం మంచిది. దాని అవసరం తర్వాత తెలుస్తుంది.

మొదట ప్రతి ధర దగ్గరా డిమాండ్ నుంచి చిన్న సంస్థల సప్లైని తీసివేయాలి. ధర 30 నుంచి 90 వరకు శేష డిమాండ్ R = 270 − 3P అవుతుంది. ధర 90కి చేరితే చిన్న సంస్థలే గిరాకీ మొత్తాన్ని తీర్చేస్తాయి. 30 కంటే తక్కువైతే మార్కెట్ అంతా పెద్ద సంస్థదే.

తర్వాత ఈ సమీకరణాన్ని ధర రూపంలోకి తిప్పి P = 90 − R/3 అని రాయాలి. సరళ రేఖకు ఉపాంత ఆదాయం రెట్టింపు వాలుతో దిగుతుంది కాబట్టి అది 90 − 2R/3. దీన్ని ఉపాంత వ్యయం 10తో సమానం చేస్తే R = 120 వస్తుంది. ఇక్కడ చాలామంది తడబడతారు: ధరను ఉపాంత ఆదాయ రేఖ మీద కాదు, శేష డిమాండ్ రేఖ మీద చదవాలి. అలా చదివితే ధర 50. ఆ ధరకు చిన్న సంస్థలు 20 యూనిట్లు అమ్ముతాయి, మొత్తం డిమాండ్ 140, అంటే పెద్ద సంస్థకు 120. లెక్క సరిపోయింది.

శేష డిమాండ్‌కు బదులు మార్కెట్ డిమాండ్ నుంచే లెక్క మొదలుపెట్టి ఉంటే ధర 65 వచ్చేది. అయితే 65 దగ్గర చిన్న సంస్థలు 35 యూనిట్లు అమ్మేస్తాయి, పెద్ద సంస్థకు 75 మాత్రమే మిగులుతాయి, స్థిర వ్యయాన్ని పక్కన పెడితే లాభం 4125. ధర 50 దగ్గర లాభం 4800. జవాబు మీద అనుమానం ఉంటే 49, 51 ధరల దగ్గర కూడా లాభం లెక్కించి చూడండి. రెండుచోట్లా 4797 వస్తుంది.

ఇప్పుడు పక్కన రాసుకున్న షరతు సంగతి. చిన్న సంస్థల ఖర్చు ఎక్కువై, వాటి సప్లై S = P − 60 అయిందనుకోండి. పై పద్ధతిలోనే చేస్తే ధర 55 వస్తుంది, కానీ ఆ సమీకరణం 60, అంతకంటే ఎక్కువ ధరలకే వర్తిస్తుంది. చిన్న సంస్థలు లేవనుకుని చేస్తే 65 వస్తుంది, కానీ 65 దగ్గర అవి రంగంలో ఉంటాయి. రెండు జవాబులూ తమ షరతుల్ని తామే కాదంటున్నాయి. శేష డిమాండ్ రేఖ ధర 60 దగ్గర విరిగి ఉంది, అక్కడ ఉపాంత ఆదాయం 20 నుంచి ఒక్కసారిగా 0కి పడుతుంది, ఉపాంత వ్యయం 10 ఆ ఖాళీలోనే ఉంది. కాబట్టి ధర 60, పెద్ద సంస్థ అమ్మకం 120. ఈ నమూనాలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ సందర్భమే: చిన్న సంస్థలు ఒక్క యూనిట్ కూడా అమ్మకుండానే ధరను 65 నుంచి 60కి దించాయి. వచ్చిన ధర తన సమీకరణం వర్తించే పరిధిలో ఉందో లేదో చూడనివారికి ఇది కనబడదు.

ఈ లెక్కంతా చిన్న సంస్థల సంఖ్య మారదన్న ఊహ మీద నిలిచి ఉంది. మొదటి ఉదాహరణలో ధర 50 దగ్గర వాటికి లాభం కనిపిస్తే కొత్తవారు వస్తారు. వాటి సంఖ్య రెట్టింపై సప్లై S = 2(P − 30) అయితే శేష డిమాండ్ R = 300 − 4P అవుతుంది, ధర 42.5కి దిగుతుంది. పెద్ద సంస్థ అమ్మకం 130కి పెరుగుతుంది, అయినా లాభం 4800 నుంచి 4225కి తగ్గుతుంది.