ఓవర్‌హెడ్ రేటు ఎలా లెక్కగట్టాలి, ఫండర్‌కి అనుమానం రాకుండా ఎలా చూపించాలి?

సోంపేటలోనో బొబ్బిలిలోనో చిన్న ట్రస్టు నడిపేవాళ్లు గ్రాంటు బడ్జెట్ చివర్లో ‘ఓవర్‌హెడ్ 10%’ అని రాసేస్తారు. ఎందుకు 10 అంటే ‘అందరూ అంతే రాస్తారండీ’ అంటారు. ఫండర్‌కి అనుమానం వచ్చేది అక్కడే. లెక్క తేల్చి చూపిన 14 శాతాన్ని ఒప్పుకుంటారు గానీ ఊరికే రాసిన 10కి మాత్రం ప్రశ్నలు వేస్తారు.

కావలసినవి మూడే: కిందటేడాది ఆడిట్ రిపోర్టు, జీతాల రిజిస్టరు, ఒక ఎక్సెల్ షీటు. అంచనా లెక్కలతో మొదలుపెట్టొద్దు, ఆడిట్ అయిన అంకెలే తీసుకోండి.

సూత్రం కూడా చిన్నదే. ఓవర్‌హెడ్ అంటే ఏ ఒక్క ప్రాజెక్టు ఖాతాలోనూ వేయలేని ఉమ్మడి ఖర్చు. ఆ ఉమ్మడి ఖర్చుల్ని నేరుగా ప్రాజెక్టులకైన ఖర్చుతో భాగించి, వందతో హెచ్చవేస్తే రేటు వస్తుంది.

ఇబ్బందంతా ఏ ఖర్చు ఎటు వేయాలన్న దగ్గర వస్తుంది, ఇక్కడ తొందరపడొద్దు. ఉద్దానంలో కిడ్నీ పరీక్షల శిబిరాలు పెట్టే ఒక ట్రస్టును ఊహించుకోండి. ఏడాది ఖర్చు 64 లక్షలు. అందులో అకౌంటెంటు జీతం 2.4 లక్షలు, ఆడిట్ ఫీజు 60 వేలు పూర్తిగా ఉమ్మడివే. డైరెక్టరు జీతం 6 లక్షలు. ఆయన సగం రోజులు శిబిరాల్లోనే ఉంటారు కాబట్టి 3 లక్షలే ఉమ్మడిలోకి వస్తాయి. ఆ సగాన్ని నోటిమాటగా చెబితే చెల్లదు, నెలనెలా సంతకం చేసిన టైమ్‌షీటు ఉండాలి. ఆఫీసు అద్దె, కరెంటు, ఇంటర్నెట్ కలిపి 2 లక్షలు. ముందు హాలు ఫీల్డు నర్సులది, లోపలి గదులు ఆఫీసువి. చదరపు అడుగుల్లో కొలిస్తే సరిసగం, అంటే 1 లక్ష. మొత్తం ఉమ్మడి ఖర్చు 7 లక్షలు.

ఇక భాగహారంలో కింద వేసే అంకె, అంటే ఆధారం. రక్తపరీక్ష యంత్రాలకు పెట్టిన 7 లక్షలు అందులోంచి తీసేయాలి. యంత్రం ఒక్కసారి కొంటాం. దాని ధర ఎంత పెరిగినా అకౌంటెంటు పని ఆ మేరకు పెరగదు. 64 లోంచి ఉమ్మడి 7, యంత్రాల 7 పోతే 50 లక్షలు మిగులుతాయి. 7 ని 50 తో భాగిస్తే 14 శాతం.

చాలామంది యంత్రాల్ని తీసేసి రేటు కడతారు, కొత్త బడ్జెట్‌కి వచ్చేసరికి ఆ సంగతే మర్చిపోతారు. కొత్త ప్రాజెక్టు నేరు ఖర్చు 20 లక్షలు, అందులో యంత్రం 5 లక్షలనుకోండి. 14 శాతం కట్టాల్సింది 15 లక్షల మీద, అంటే 2,10,000. 20 లక్షల మీద కడితే 2,80,000 అవుతుంది, 70 వేలు అదనంగా అడిగినట్టే. చదివేవాళ్లు ముందు చూసేది దాన్నే.

అంతకన్నా ఘోరం, ఒకే మనిషిని రెండు చోట్ల రాయడం. పైన ‘ప్రాజెక్టు అకౌంటెంటు’ అని ఒక లైను, కింద ఓవర్‌హెడ్‌లో మళ్లీ అదే అకౌంటెంటు. ఒక ఖర్చును ఉమ్మడి అన్నాక అన్ని ప్రాజెక్టుల్లోనూ ఉమ్మడిగానే ఉంచాలి. ‘ఇతర ఖర్చులు’ అనే లైను కూడా కొట్టేయండి. ఓవర్‌హెడ్ పక్కన అది కనిపిస్తే దేనికో ఎవరూ నమ్మరు. రేటు 13.7 వస్తే 13.7 అనే రాయండి, 15 చేయొద్దు.

ఫారంలో అడిగే శాతం దేని మీదో కూడా చదవాలి. పై 2,10,000 ని మొత్తం బడ్జెట్ 22,10,000 తో పోలిస్తే 9.5 శాతమే. ‘మొత్తంలో 10 శాతం మించరాదు’ అన్న ఫండర్ దగ్గర 14 అని భయపడి తగ్గించుకునేవాళ్లున్నారు. అవసరం లేదు.

అమెరికా ఫెడరల్ గ్రాంట్లలో ప్రభుత్వంతో ముందే ఒప్పుకున్న ఓవర్‌హెడ్ రేటు లేని సంస్థలు లెక్క చూపకుండానే 15 శాతం వరకు తీసుకోవచ్చన్న మాట నిజమే, 2024 అక్టోబరు నుంచి. ఆ రూలు ఆ డబ్బుకే. విదేశీ విరాళం ఏదైనా సరే, మన విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కింద పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. 2020 సవరణకు ముందు అది 50 ఉండేది. పరిపాలనా ఖర్చంటే ఏవో ఆ చట్టం నియమాల్లో వేరే పట్టిక ఉంది, మీ ఓవర్‌హెడ్‌నే అక్కడ పెట్టేయకండి.

సమర్థన నాలుగు వాక్యాలు చాలు: ‘రేటు 14 శాతం, కిందటేడాది ఆడిట్ లెక్కల ప్రకారం. ఉమ్మడి ఖర్చు 7 లక్షలు, ఆధారం 50 లక్షలు, రెండింటి పట్టిక జతచేశాం. యంత్రాల మీద ఓవర్‌హెడ్ అడగడం లేదు. డైరెక్టరు, అద్దె వాటాలకు టైమ్‌షీటు, గదుల కొలతలు ఉన్నాయి.’ కింద ఆడిటరు సంతకం పెట్టించండి.