మేక ఈనలేకపోతే ఏం చేయాలి? చల్లబడిన పిల్లను ఎలా నిలబెట్టాలి?

జూన్, జూలై వానలకు బీళ్లు పచ్చబడగానే మేకలు ఎదకొస్తాయి. చూలు కట్టిన నాటి నుంచి ఈనేదాకా అటూ ఇటూగా 150 రోజులు. కాబట్టి అనంతపురం పల్లెల్లో చాలా ఈతలు కార్తీకం, మార్గశిరాల్లో పడతాయి. అప్పుడు పగలు ఎండగానే ఉంటుంది గానీ తెల్లవారుజామున చలి కొరికేస్తుంది. ఈ కాలంలో పిల్లలు ఎక్కువగా రెండు రకాలుగా పోతుంటాయి. కొన్ని కాలో తలో మడిచిపెట్టుకుని దారిలో ఇరుక్కుంటాయి. కొన్ని బాగానే పుట్టి, తడితో చల్లబడి, పాలు తాగలేక చస్తాయి. మొదటిదానికి చేతి పని తెలియాలి, రెండోదానికి ఏది ముందు చేయాలో తెలియాలి.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

ఈతకు మూడు నాలుగు వారాల ముందు చిటుకు రోగం, ధనుర్వాతం టీకాలు వేయించండి. ఆ రక్షణ ముర్రుపాలతో పిల్లకు అందుతుంది. ఇంట్లో చేతి తొడుగులు, సబ్బు, టించర్ అయోడిన్, శుభ్రమైన కొబ్బరి నూనె లేదా లిక్విడ్ పారాఫిన్, పాత నూలు గుడ్డలు, మెత్తని నూలు తాడు, డిజిటల్ థర్మామీటర్ ఉంచుకోండి. మందుల షాపులో పసిపిల్లలకు పాలు పట్టే సన్నని గొట్టం, 50 మి.లీ. సిరంజి కూడా తెచ్చుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, అర్ధరాత్రి ఫోన్ ఎత్తే పశువైద్యుడు ఎవరో ముందే కనుక్కోవడం. సంచార పశువైద్య వాహనానికి 1962కు ఫోన్ చేయాలన్నది చాలామందికి తెలుసు, కానీ అది మీ మండలంలో ఏ వేళల్లో వస్తుందో అడిగి పెట్టుకోండి.

చూలు మేకల వెనక పని చేసేటప్పుడు తొడుగులు లేకుండా చెయ్యి పెట్టొద్దు. ఉమ్మనీరు, మాయల నుంచి బ్రూసెల్లా వంటి జబ్బులు మనుషులకు అంటుకుంటాయి. ఇంట్లో గర్భిణులు ఉంటే వాళ్లను ఈ పనికి అసలు రానీయొద్దు.

ఎంతసేపు ఆగాలి?

తోక మొదలుకు రెండు పక్కలా తాళ్లలా గట్టిగా తగిలే నరాలు మెత్తబడి వేలికి దొరక్కుండా పోతే, సాధారణంగా ఒక రోజులోపు ఈనుతుంది. పొదుగు బిగుసుకుంటుంది. మేక మందను వదిలి మూలకు పోతుంది, నేలను గీరుతుంది, పడుకుంటుంది, లేస్తుంది. ఈ అలజడి తొలిచూలు మేకలో పన్నెండు గంటల దాకా సాగొచ్చు. అప్పుడు దూరంగా ఉండి చూడడమే మీ పని. గంటకోసారి చెయ్యి పెట్టి చూసేవాళ్లు మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తారు.

గడియారం చూడాల్సింది మేక గట్టిగా ముక్కడం మొదలైనప్పటి నుంచి. అరగంట బలంగా ముక్కినా ఏమీ బయటకు రాకపోతే పరీక్షించాలి. నీటిసంచి పగిలి గంటైనా కాళ్లు కనబడకపోయినా అంతే. ఒక కాలు మాత్రమే వచ్చి ఆగినా, తోక మాత్రమే కనబడినా, కాళ్లు లేకుండా తల ఒక్కటే వచ్చినా ఆ అరగంట కూడా ఆగొద్దు.

చెయ్యి పెట్టి చూడడం

గోళ్లు తీసి, ఉంగరాలు, గాజులు తీసేసి, మోచేతి దాకా సబ్బుతో కడుక్కోండి. మేక వెనక భాగాన్ని కూడా గోరువెచ్చని నీళ్లతో, సబ్బుతో కడగండి. తొడుగుకు నూనె ధారాళంగా రాసి, అయిదు వేళ్లూ ఒకచోట చేర్చి, మేక ముక్కడం ఆపినప్పుడు మాత్రమే నెమ్మదిగా లోపలికి పోనివ్వండి. ఇంట్లో అందరికన్నా సన్నని చెయ్యి ఎవరిదో వాళ్లదే ఈ పని. చాలా ఇళ్లలో అది ఆడవాళ్ల చెయ్యే.

లోపల గర్భద్వారం బిగుతైన ఉంగరంలా ఒకటి రెండు వేళ్లకే దారిస్తుంటే అది ఇంకా తెరుచుకోలేదని అర్థం. బలవంతం చేస్తే చీలుతుంది. అక్కడితో ఆపి వైద్యుడిని పిలవాలి.

దారి తెరిచి ఉంటే చేతికి ఏం తగులుతోందో పోల్చుకోండి. సరైన ఈతలో రెండు ముందుకాళ్లు, వాటి మీద ముక్కు తగులుతాయి. గిట్టల అడుగులు నేలవైపు ఉంటాయి. అడుగులు పైకి తిరిగి ఉంటే చాలామటుకు వెనక కాళ్లే. సందేహముంటే కీళ్లు వంచి చూడండి. ముందుకాలిలో గిట్ట పైనున్న కీలు, దాని పైనున్న మోకాలు ఒకే వైపు వంగుతాయి. వెనక కాలిలో ఆ రెండూ ఎదురుబొదురుగా వంగుతాయి. రెండు వెనక కాళ్లూ కలిసి వస్తుంటే పిల్లను తిప్పే పని లేదు, అలాగే తీయొచ్చు. కాకపోతే నడుము బయటకొచ్చాక ఆలస్యం కూడదు. అప్పటికి బొడ్డుతాడు నొక్కుకుపోయి, తల ఇంకా లోపలే ఉంటుంది.

ఒక ఈతలో జరిగింది

కళ్యాణదుర్గం వైపు ఒక ఇంట్లో రెండో ఈత మేక తెల్లవారుజామున నాలుగింటికి ముక్కడం మొదలుపెట్టింది. నాలుగున్నరకు ముక్కు, ఒక ముందుకాలు కనబడ్డాయి. తర్వాత కదల్లేదు. పిల్ల నాలుక బయటపడి ఉబ్బుతోంది. ఇంటి కుర్రవాడు ఆ కాలు పట్టుకుని లాగబోతే పక్కింటి చిన్నమ్మ ఆపింది.

"లాగొద్దురా అబ్బీ, రెండో కాలు యాడుందో చూడనీ. నువ్వు మేకను పట్టుకో."

బయటున్న కాలు మళ్లీ లోపలికి జారిపోకుండా, గిట్ట పైనున్న కీలుకు ఎగువన నూలు తాడు వదులుగా కట్టింది. మేక ముక్కి ఆపిన ప్రతిసారీ అరచేత్తో పిల్ల తలను, రొమ్మును కొంచెం కొంచెంగా వెనక్కి నెట్టింది. లోపల చోటు చేసుకోకుండా ముడుచుకున్న కాలు ఎవరికీ తిరగదు. ఈ పనిలో జనం తరచుగా మరిచిపోయేది ఇదే. తర్వాత మెడ వెంబడి భుజానికి, భుజం నుంచి మోచేతికి, అక్కడి నుంచి మోకాలికి వేళ్లు జార్చింది. మోకాలిని వంచి పైకి తెచ్చి, గిట్టను అరచేతిలో మూసి పట్టుకుని ముందుకు లాగింది. గిట్టను అలా మూయకపోతే దాని కొన గర్భసంచిని చీలుస్తుంది.

రెండు కాళ్లూ దారిలోకి వచ్చాక వెంటనే లాగలేదు. కాళ్ల వెంబడి మళ్లీ చెయ్యి పోనిచ్చి, రెండూ ఒకే రొమ్ముకు కలుస్తున్నాయని తేల్చుకుంది. కవలలు ఉన్నప్పుడు ఒక పిల్ల కాలు, ఇంకో పిల్ల కాలు కలిపి లాగితే రెండూ పోతాయి. ఆపైన మేక ముక్కినప్పుడే లాగుతూ, అది ఆగినప్పుడు తానూ ఆగుతూ, మేక మడమల వైపు వంపుగా కిందికి తీసింది. తిన్నగా వెనక్కి లాగితే పిల్ల భుజాలు ఎముకకు తట్టుకుంటాయి.

ఇదంతా పదిహేను నిమిషాల్లో అయింది. మీకు ఇరవై నిమిషాలకు కూడా దారి కనబడకపోతే, తల పక్కకు తిరిగి చేతికి అందకపోతే, లేదా తోకే తగులుతూ వెనక కాళ్లు రెండూ కడుపు కిందికి ముడుచుకుని ఉంటే ఇక ప్రయత్నించొద్దు. ఆపరేషన్ చేసి తీయాల్సి రావచ్చు. గర్భసంచి చిరగకముందు వైద్యుడి దగ్గరికి చేరిన మేకకే బతికే అవకాశం ఎక్కువ.

రెండో పిల్ల, చలి

అరగంటలోపే రెండో పిల్ల వెనక కాళ్లతో వచ్చింది. గబగబా తీశారు. కిలోన్నర ఉంటుంది, వేలాడిపోతోంది. ముక్కు, నోట్లోని జిగురు గుడ్డతో తీసి, తల కిందికి ఉండేలా పట్టి, గరిక పుల్లతో ముక్కులో గిలిగింత పెట్టి, గోనెతో పక్కటెముకల మీద గట్టిగా రుద్దితే తుమ్మి ఊపిరి అందుకుంది. రెండు పిల్లల బొడ్లనూ టించర్ అయోడిన్‌లో ముంచారు.

మొదటి పిల్ల అరగంటకు లేచి చన్ను పట్టుకుంది. తల్లి దాన్నే నాకుతూ నిలబడింది. రెండోది తడితోనే ఉండిపోయింది. ఆరున్నరకు దాని నోట్లో వేలు పెడితే చల్లగా తగిలింది, వేలు చప్పరించలేదు. మలద్వారంలో పెట్టిన థర్మామీటర్ 96 డిగ్రీల ఫారన్‌హీట్ చూపింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు 102, 103 ఉండాలి. తెరమీద `Lo` అని పడిందంటే ఇంకా చల్లబడిందని.

ఇక్కడ చాలామంది మొదట చేసేది నోట్లో పాలు పోయడం. చప్పరించలేని పిల్ల నోట్లో పోసిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పొట్టలోకి పోయినా, అంత చల్లని ఒంట్లో అరగవు. ఏది ముందు చేయాలన్నది ఒంటి వేడిని, పుట్టి ఎంతసేపైందన్నదాన్ని బట్టి ఉంటుంది. 99 నుంచి 102 మధ్య ఉండి తల నిలుపుకోగలిగితే, తుడిచి, పాలు పట్టి, వెచ్చగా ఉంచితే చాలు. 99 కన్నా తగ్గి, పుట్టి ఐదు గంటలు దాటకపోతే ముందు వేడి, తర్వాత పాలు. అంతే చల్లబడి, ఐదు గంటలు దాటిన పిల్లను మాత్రం నేరుగా వేడి చేయొద్దు. దాని ఒంట్లో చక్కెర అప్పటికే అయిపోయి ఉంటుంది. వేడి తగలగానే ఉన్న కాస్తా ఖర్చై, మూర్ఛ వచ్చి చస్తుంది. వైద్యుడు ముందు పొట్టలోకి గ్లూకోజ్ ఇంజెక్షన్ ఇవ్వాలి.

ఈ పిల్లకు పుట్టి రెండు గంటలు కూడా కాలేదు. అందుకని పొడిగా తుడిచి, అట్టపెట్టెలో గడ్డి పరిచి, చేత్తో పట్టుకోగలిగేంత వేడి నీళ్ల సీసాలు గుడ్డల్లో చుట్టి రెండు పక్కలా పెట్టారు. కొట్టంలో మంట వేయలేదు. పొగ పసిపిల్ల ఊపిరికి మంచిది కాదు, నిప్పురవ్వ గడ్డిమీద పడితే ఇంకేం మిగలదు. అరగంటకోసారి థర్మామీటర్ చూశారు. 100 దాటి తల ఎత్తాక పాల సంగతి చూశారు.

తల్లి నుంచి ముర్రుపాలు పిండారు. కొలత సులువే: విడతకు కిలో బరువుకు 50 మి.లీ., కిలోన్నరకు 75. గొట్టాన్ని ముక్కు కొన నుంచి ఆఖరి పక్కటెముక దాకా కొలిచి గుర్తు పెట్టారు. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టి, నోటి పక్క నుంచి గొట్టాన్ని మింగనిస్తూ ఆ గుర్తు దాకా పంపారు. బయటి కొసను నీళ్లలో ముంచి చూశారు. ఊపిరితో పాటు బుడగలు వస్తే, లేదా పిల్ల దగ్గితే గొట్టం ఊపిరి దారిలో ఉన్నట్టే, వెంటనే తీసేయాలి. బుడగలు రాలేదు. అప్పుడు సిరంజి పిస్టన్ తీసేసి, దాన్ని గరాటులా పట్టుకుని గోరువెచ్చని పాలు తమంతట తామే దిగేలా పోశారు. పిస్టన్‌తో నెట్టడం తప్పు. తీసేటప్పుడు గొట్టాన్ని వేళ్లతో నొక్కిపట్టాలి, లేకుంటే మిగిలిన చుక్కలు గొంతులో పడతాయి.

ఇలా మొదటి రోజు కనీసం మూడు విడతలు పట్టాలి. వాటిలో మొదటిది వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ ఆరు గంటలలోపు పడాలి. గంటలు గడిచేకొద్దీ ముర్రుపాలలోని రక్షణను పీల్చుకునే శక్తి పిల్ల పేగుకు తగ్గిపోతుంది, ఒక రోజు దాటితే దాదాపు ఉండదు. తల్లికి పాలు లేకపోతే అదే రోజు ఈనిన మరో మేక ముర్రుపాలు, అవీ లేకుంటే ఆవు ముర్రుపాలు వాడొచ్చు. డబ్బా పాలు వాటికి సాటిరావు.

సాయంత్రానికి ఆ పిల్ల వేలు చప్పరించింది. గొట్టం మానేసి చన్నుకు పట్టారు. తల్లి వాసన చూసి తోసేస్తే, మాయ తడిని పిల్ల వీపుకు రుద్ది మళ్లీ దగ్గరికి చేర్చారు.

మాయ, ఆ తర్వాత

మాయ సాధారణంగా కొద్ది గంటల్లో పడుతుంది. పన్నెండు గంటలు దాటినా పడకపోతే వైద్యుడికి చెప్పండి. వేలాడుతోందని లాగినా, రాయి కట్టినా లోపల తెగి, గర్భసంచి కుళ్లుతుంది. పడిన మాయను కుక్కలకు వేయకుండా సున్నం చల్లి లోతుగా పాతండి.

చెయ్యి పెట్టి తీసిన ప్రతి మేకకూ ఆ రోజే యాంటీబయాటిక్ ఎంత, ఎన్ని రోజులు వేయాలో వైద్యుడినే అడగండి. తర్వాత వారం పాటు దుర్వాసన వచ్చే కారుడు, మేత మానేయడం, జ్వరం ఉన్నాయేమో చూస్తుండాలి. కాలు ముడుచుకున్న పిల్లను ఈనిందని ఆ మేకను సంతకు తోలాల్సిన పని లేదు, అందులో తల్లి లోపం లేదు. చూలుతో ఉండగా యోని బయటకు జారిన మేక సంగతి వేరు. దానికి వచ్చే ఈతలోనూ అదే జరిగే అవకాశం ఉంది కాబట్టి పిల్లలు పాలు మరిచాక దాన్ని అమ్మేయడమే మంచిది.