మొదటి వారం ఎక్కువైంది

డిగ్రీ మొదటి సంవత్సరంలో నా పేరు క్లాసులో సగం మందికి తెలియదు. 'గుమ్మడికాయ' అంటే మాత్రం అందరికీ తెలుసు. కాజీపేట నుంచి హనుమకొండకు బస్సులో వెళ్లేటప్పుడు వెనుక సీటు నుంచి ఆ పిలుపు వినబడగానే ముఖం ఎర్రబడేది, ఏదో ఒకటి అనేసేదాన్ని. వాళ్లకు కావలసింది అదే.

అంగన్‌వాడీలో పనిచేసే చిన్నమ్మ విని నవ్వింది. "చాక్లెట్ కోసం ఏడ్చే పిల్లవాడికి ఇవ్వడం మానేస్తే ముందు ఇంకా గట్టిగా ఏడుస్తాడమ్మా. అప్పుడు ఇచ్చావో, రేపు అంతకంటే గట్టిగా మొదలుపెడతాడు," అంది.

అలాగే జరిగింది. నా పేరుతో పిలిస్తేనే తిరగాలని నిర్ణయించుకున్నాను. మొదటి వారం పిలుపులు తగ్గలేదు, పెరిగాయి. 'డ్రమ్ము' అనే కొత్త పేరు కూడా వచ్చింది. అయిదో రోజు ఓపిక పోయి అరిచేశాను. దాంతో మళ్లీ మొదటికొచ్చింది.

రెండోసారి ఒక పని పెట్టుకున్నాను. పిలుపు వినగానే పక్కనున్న స్నేహితురాలితో అప్పటికే మాట్లాడుతున్న మాటను పూర్తిచేయడం. బిగుసుకుపోయి మౌనంగా కూర్చుంటే బాధ పడుతున్నట్టు తెలిసిపోతుంది, అదీ వాళ్లకు జవాబే. మూడు వారాలకు వెనుక సీటు చప్పబడింది.

ఒకడు మాత్రం నా ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. దాన్ని పట్టించుకోకుండా వదల్లేదు, స్క్రీన్‌షాట్ తీసుకుని నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను.