టైమ్‌స్టాంప్ నొక్కితే వేరే మాట వినిపిస్తోందా? ముందు చివరి లైను చూడండి

సమస్య ఇలా ఉంటుంది. రెండు గంటల మీటింగ్‌కి ట్రాన్‌స్క్రిప్ట్ తీసి, దాన్ని చదివి, ముఖ్యాంశాల జాబితా రాశారు. అందులో "1:12:40 – గడువు ఖరారు" అని ఉంది. రికార్డింగ్‌లో అక్కడికి వెళ్తే "స్క్రీన్ కనిపిస్తోందా?" అని ఎవరో అడుగుతున్నారు. జాబితాలో మొదటి రెండు మూడు అంశాలు మాత్రం సరిగ్గానే ఉంటాయి. అందరూ ఆ రెండే సరిచూసి పంపించేస్తారు. అసలు తంటా అదే.

చూడాల్సింది ఒక్కటే, అరనిమిషం పని: ట్రాన్‌స్క్రిప్ట్ చివరి లైను సమయం ఎంత, రికార్డింగ్ మొత్తం నిడివి ఎంత? నిడివి ప్లేయర్‌లోనే కనిపిస్తుంది. సెకన్లలో కావాలంటే:

```
ffprobe -v error -show_entries format=duration -of csv=p=0 meeting.mp4
```

కొన్ని సెకన్ల తేడా మామూలే. మాటలు అయిపోయాక కూడా రికార్డింగ్ కాసేపు నడుస్తుంది కదా. నిమిషాల్లో తేడా ఉంటే మాత్రం ముఖ్యాంశాలు రాయడం అక్కడితో ఆపండి.

నన్ను బాగా ముంచిన కేసు ఇది. రికార్డింగ్ నిడివి 1:58:31. ట్రాన్‌స్క్రిప్ట్ చివరి లైను 1:47:05. అప్పటికే నేను పద్నాలుగు అంశాలు రాసి పంపేశాను. తర్వాత కూర్చుని, ట్రాన్‌స్క్రిప్ట్‌లోని నాలుగు వాక్యాలు రికార్డింగ్‌లో నిజంగా ఎక్కడ వినిపిస్తున్నాయో వెతికాను. 0:03:10 దగ్గరిది రెండు సెకన్ల తేడాతో దొరికింది. 0:48:30 దగ్గరిది 0:50:05లో ఉంది. 0:55:40 దగ్గరిది ఏకంగా 1:05:30లో. చివరి వాక్యం 1:58:20లో.

తేడా ఎలా పెరిగిందో చూస్తే కారణం తెలిసిపోతుంది. మొదటి నుంచి చివరి దాకా ఒకే తేడా ఉంటే, రెండింటి ప్రారంభం వేరని అర్థం. ఆ తేడాను అన్నిటికీ కలిపితే (లేదా తీసేస్తే) సరిపోతుంది. ఇక్కడ అలా లేదు. మెల్లగా పెరుగుతూ వచ్చి, మధ్యలో ఒక్కసారిగా ఎనిమిది నిమిషాలు గెంతింది. ఆ గెంతు మీటింగ్‌లో విరామం ఇచ్చిన చోటే! ఫైలు చిన్నదవుతుందని ఎవరో ట్రాన్‌స్క్రిప్ట్‌కి ఇచ్చే ముందు ఆడియోలో నిశ్శబ్దాలన్నీ కత్తిరించేశారు. విరామం మొత్తం పోయింది, మాటకీ మాటకీ మధ్య ఆగిన చిన్న చిన్న ఖాళీలూ పోయాయి. ట్రాన్‌స్క్రిప్ట్ తప్పేమీ లేదు, అది తనకిచ్చిన పొట్టి ఆడియోకి సరిగ్గానే సమయాలు వేసింది.

సరైన పరిష్కారం అసలు రికార్డింగ్ నుంచే ఆడియో మళ్లీ తీసి, ట్రాన్‌స్క్రిప్ట్ మళ్లీ చేయించడం. ఫైలు పెద్దదైందని బాధ ఉంటే నిశ్శబ్దం జోలికి పోకుండా ఇలా తగ్గించండి:

```
ffmpeg -i meeting.mp4 -vn -ac 1 -ar 16000 -b:a 48k meeting.mp3
```

వీడియో పోతుంది, ఒకే చానెల్ మిగులుతుంది, నిడివి మాత్రం మారదు.

పేర్లూ పదాలూ చేత్తో దిద్దిన ట్రాన్‌స్క్రిప్ట్ అయితే మళ్లీ చేయించడానికి మనసొప్పదు. అప్పుడు ఫైలంతా జరపకండి, ముఖ్యాంశాల సమయాలు మాత్రం దిద్దండి. పై కేసులో 1:12:40 అనేది విరామం తర్వాతది. అక్కడ తేడా 0:55:40 దగ్గరి 9:50కీ చివరి వాక్యం దగ్గరి 11:15కీ మధ్య ఉండాలి. దామాషాలో లెక్కేస్తే సుమారు 10:18, అంటే 1:22:58. ఆ చుట్టుపక్కల విని, అసలు మాట దొరికాక, దానికి పది సెకన్ల ముందు సమయం వేయండి. జవాబు ఒక్కటే వినిపిస్తే దేనికి జవాబో అర్థం కాదు, ప్రశ్న కూడా వినపడాలి.

తేడా గెంతులు లేకుండా ఒకే వేగంతో పెరుగుతూ పోతే, ఆడియోని మార్చేటప్పుడు వేగమే మారి ఉంటుంది. అది అరుదు. అసలు ఫైలు నుంచి మళ్లీ తీయండి, అంతే.

చేయాల్సిన పనుల జాబితాలో ఇంకో రకం తప్పు వస్తుంది, సమయాలన్నీ సరిగ్గా ఉన్నా సరే. 41వ నిమిషంలో "శుక్రవారం లోపు పంపిస్తాను" అంటారు, గంట తర్వాత అదే మనిషి "సోమవారం చేద్దాం లెండి" అంటారు. మొదటిదే జాబితాకెక్కుతుంది. అందుకే ప్రతి పనికీ దాని ముఖ్యపదంతో ట్రాన్‌స్క్రిప్ట్‌ని చివరి దాకా వెతికి, ఆఖరిసారి ఏమన్నారో దాని సమయమే రాస్తాను. ఎవరు, ఎప్పటికి అన్నది తేలని "చేద్దాం", "చూద్దాం"లను పనుల్లో కలపను. "తేలనివి" అని కింద విడిగా పెడతాను.