ఒక ఫోన్‌లో ప్రీమియం, ఇంకోదాంట్లో ఫ్రీ: సబ్‌స్క్రిప్షన్ ఎక్కడ చిక్కుకుందో కనిపెట్టడం ఎలా?

డబ్బు కట్టిన ఫోన్‌లో యాప్ తెరిస్తే ప్రీమియం అని ఉంటుంది. అదే నంబరుతో ట్యాబ్‌లో లాగిన్ అయితే మళ్ళీ డబ్బు కట్టమంటుంది. అప్పుడు చాలామంది యాప్ తీసేసి మళ్ళీ వేసుకుంటారు. అప్పటికీ రాకపోతే విసుగొచ్చి రెండోసారి కట్టేస్తారు. రెండోసారి మాత్రం కట్టకండి. మీ సబ్‌స్క్రిప్షన్ ఎవరి పేరు మీద నమోదైందో కనిపెడితే దాన్ని రెండో చోటికి తెచ్చుకోవడం చాలాసార్లు పది నిమిషాల పని.

ఒక ఇంటి సంగతి తీసుకుందాం. నాన్న చిత్తూరులో ఉంటాడు. కూతురు తిరుపతిలో, బైరాగిపట్టెడ హాస్టల్లో ఉండి పోటీ పరీక్షకు చదువుకుంటోంది. చదువు యాప్‌కు ఏడాది ప్లాన్ కావాలంటే నాన్నే తన ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ వేసుకుని యూపీఐతో కట్టాడు. తర్వాత కూతురి నంబరుకు వచ్చిన ఓటీపీ అడిగి అదే యాప్‌లో లాగిన్ కూడా అయ్యాడు. ఆయన ఫోన్‌లో ప్రీమియం వచ్చింది. కూతురి ట్యాబ్‌లో అదే నంబరుతో లాగిన్ అయినా ఫ్రీ అనే ఉంది.

"నాకు ప్రీమియం అని వస్తా ఉంది గదమ్మా, నీకెందుకు రాదు?"

"నాన్నా, నంబరు కూడా అదే. ఇక్కడ మాత్రం కట్టమంటోంది."

ఇద్దరూ చెప్పేది నిజమే. లోపల ఉన్నది ఒక ఖాతా కాదు, రెండు. ఒకటి యాప్ ఖాతా, అంటే మనం ఓటీపీతోనో మెయిల్‌తోనో లాగిన్ అయ్యేది. రెండోది స్టోర్ ఖాతా, అంటే డబ్బు తీసుకున్న ప్లే స్టోర్‌లో ఉన్న జీమెయిల్. ఐఫోన్ అయితే యాపిల్ ఖాతా. టీటీడీ సైట్‌లో ఒకరి నంబరుతో లాగిన్ అయి ఇంకొకరి పేరు మీద దర్శనం టికెట్ తీస్తాం కదా, ఇక్కడా అలాగే లాగిన్ ఒకరిది, కొనుగోలు ఇంకొకరిది కావచ్చు. గూగుల్ దృష్టిలో ఆ ప్లాన్ కొన్నది నాన్న జీమెయిల్. "ఈ కొనుగోలు ఫలానా నంబరు వాళ్ళది" అని యాప్ కంపెనీ తన సర్వర్‌లో రాసుకుంటేనే అది కూతురి ట్యాబ్‌కు చేరుతుంది. ఆ రాత పడలేదంటే నాన్న ఫోన్‌లో ఉన్న ప్లే స్టోర్ మాత్రమే "ఇతను కట్టాడు" అని యాప్‌కు చెబుతూ ఉంటుంది. ట్యాబ్‌లో అలా చెప్పేవాళ్ళు లేరు.

ముందు రెండు చోట్లా ప్రొఫైల్ పోల్చండి

రెండింట్లోనూ యాప్ తెరిచి ప్రొఫైల్ పేజీకి వెళ్ళండి. పేరు, ఫోటో ఒకేలా ఉన్నాయని ఊరుకోకండి. మెయిల్ లేదా నంబరు అక్షరం అక్షరం పోల్చండి. చాలా యాప్‌లలో సెట్టింగ్స్ అడుగున User ID అని ఒకటి ఉంటుంది, అది ఇంకా నమ్మకమైన గుర్తు. ఒకచోట ఓటీపీతో, ఇంకోచోట "Continue with Google" నొక్కి లాగిన్ అయితే మనిషి ఒకరే అయినా యాప్ లెక్కలో ఇద్దరు కావచ్చు. ఐఫోన్‌లో Sign in with Apple వాడి Hide My Email ఎంచుకున్నవాళ్ళు ఇక్కడే ఎక్కువగా చిక్కుకుంటారు. యాప్‌కు వెళ్ళేది వాళ్ళ అసలు మెయిల్ కాదు, చివర privaterelay.appleid.com అని ఉండే వేరే చిరునామా. ఐడీలు వేరుగా కనిపిస్తే ప్రీమియం ఉన్నవైపు ఏ దారిలో లాగిన్ అయ్యారో రెండోవైపూ అదే దారిలో లాగిన్ అవ్వండి, సరిపోతుంది.

మన ఇంట్లో మాత్రం రెండు చోట్లా ఒకే User ID ఉంది. అయినా ఫ్రీ. అప్పుడు చేయాల్సింది కింది పరీక్ష.

యాప్ వదిలి వెబ్‌సైట్‌లో చూడండి

ఇన్ని అడుగుల్లో నాకు బాగా నమ్మకమైనది ఇదే. ఫోన్ బ్రౌజర్‌లోనో కంప్యూటర్‌లోనో ఆ కంపెనీ వెబ్‌సైట్ తెరిచి అదే నంబరుతో లాగిన్ అవ్వండి. వెబ్‌సైట్‌కు మీ ఫోన్‌లోని ప్లే స్టోర్‌తో సంబంధం ఉండదు. సర్వర్‌లో ఏం రాసి ఉందో అదే చూపిస్తుంది.

అక్కడ ప్రీమియం అని ఉంటే సర్వర్‌కు మీ కొనుగోలు తెలుసు, లోపం రెండో పరికరంలోనే. అక్కడ ఫ్రీ అని ఉంటే సర్వర్‌కు అసలు తెలియదు. అలాంటప్పుడు ట్యాబ్‌ను ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా, యాప్ ఎన్నిసార్లు తీసి వేసినా ఉపయోగం ఉండదు. డబ్బు కట్టిన ఫోన్‌లోనే పని చేయాలి. వెబ్‌సైట్ లేని యాప్ అయితే ఇంట్లో ఇంకెవరి ఫోన్‌లోనైనా అదే నంబరుతో లాగిన్ అయి చూడండి. మూడోచోటా ఫ్రీ అని వస్తే అర్థం ఇదే.

మన నాన్నకూతుళ్ళకు వెబ్‌సైట్ ఫ్రీ అని చూపించింది. కారణం తవ్వితే తేలింది: నాన్న యాప్ వేయగానే లాగిన్ తెరను Skip చేసి, ముందు డబ్బు కట్టాడు. ఓటీపీతో లాగిన్ తర్వాత అయ్యాడు. కట్టిన క్షణంలో యాప్ లోపల ఉన్నది పేరులేని అతిథి ఐడీ, కొనుగోలు దాని కిందే రాసుకుంది. కూతురి నంబరు కింద ఏమీ పడలేదు.

రసీదు వెతకండి

ప్లే స్టోర్ ద్వారా కట్టిన ప్రతి కొనుగోలుకూ రసీదు మెయిల్ వస్తుంది. అందులో GPA. తో మొదలయ్యే పొడుగాటి ఆర్డర్ నంబరు ఉంటుంది. జీమెయిల్‌లో GPA అని వెతకండి. రసీదు ఏ మెయిల్‌కు వచ్చిందో ఆ మెయిలే కొనుగోలుదారు.

మన ఊళ్ళలో ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఫోన్ కొన్నప్పుడు షాపులో కుర్రాడు అప్పటికప్పుడు ఒక జీమెయిల్ పెట్టిస్తాడు. తర్వాత మన సొంత జీమెయిల్ కూడా అదే ఫోన్‌లో చేరుతుంది. ప్లే స్టోర్‌లో యాప్‌ను ఏ జీమెయిల్‌తో ఇన్‌స్టాల్ చేశామో సాధారణంగా కొనుగోలు దాని మీదే పడుతుంది. నాన్న రోజూ వాడే మెయిల్‌లో రసీదు దొరకలేదు, షాపులో పెట్టిచ్చిన మెయిల్‌లో దొరికింది. మీకూ రసీదు కనిపించకపోతే ప్లే స్టోర్ తెరిచి పైన కుడివైపు ప్రొఫైల్ బొమ్మ నొక్కి, Payments & subscriptions, ఆ తర్వాత Subscriptions చూడండి. అక్కడ లేకపోతే ప్రొఫైల్ బొమ్మ దగ్గరే ఖాతా మార్చి మళ్ళీ అదే దారిలో చూడండి. ఐఫోన్‌లో అయితే Settings, పైన మీ పేరు, Subscriptions.

ఆ మెయిల్ దొరికాక దాని పాస్‌వర్డ్ తెలుసో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. ఫోన్ పోయిన రోజు ప్లాన్‌ను తిరిగి తెచ్చుకోవాలన్నా, ఆటోపే ఆపాలన్నా ఆ మెయిలే కావాలి.

Restore purchases: ఎక్కడ నొక్కాలి, ఎప్పుడు నొక్కాలి

చాలా యాప్‌ల సెట్టింగ్స్‌లోనో ప్లాన్ కొనే తెర అడుగునో Restore purchases అని చిన్న బటన్ ఉంటుంది. అది నొక్కితే యాప్ ఆ ఫోన్‌లోని స్టోర్‌ను "ఈ ఖాతా మీద ఏమేం కొనుగోళ్ళున్నాయి?" అని అడిగి, వచ్చిన రసీదును సర్వర్‌కు పంపుతుంది. ఆ సమయంలో ఎవరు లాగిన్ అయి ఉంటే వాళ్ళ ఐడీకి అది ముడిపడుతుంది.

అందుకని ట్యాబ్‌లో నొక్కితే ఫలితం లేదు, అందులో ఉన్నది కూతురి జీమెయిల్. నాన్న ఫోన్‌లో నొక్కాలి, అదీ యాప్‌లో కూతురి నంబరుతో లాగిన్ అయి ఉన్నప్పుడు. నొక్కే ముందు ప్రొఫైల్ పేజీ మరోసారి చూసుకోండి. కొన్ని యాప్‌లలో Restore చేసినప్పుడు ప్లాన్ పాత ఐడీ నుంచి ఊడి కొత్త ఐడీకి వెళ్తుంది. నాన్న తన సొంత నంబరుతో లాగిన్ అయి నొక్కితే ప్లాన్ ఆయన ఐడీకి అంటుకుంటుంది, కూతురికి మళ్ళీ ఫ్రీనే.

నొక్కాక వెంటనే ట్యాబ్ చూడకండి. వెబ్‌సైట్ పేజీని రిఫ్రెష్ చేయండి. అక్కడ ప్రీమియం అని మారితే సర్వర్‌లో రాత పడినట్టే. ఆ తర్వాతే ట్యాబ్ సంగతి.

ఒక హద్దు ఉంది. నాన్నది ఆండ్రాయిడ్, కూతురిది ఐప్యాడ్ అయితే ఐప్యాడ్‌లోని Restore ఈ కొనుగోలును ఎన్నటికీ చూడలేదు, యాపిల్ స్టోర్‌కు గూగుల్ రసీదు కనిపించదు. ఆ రెండింటి మధ్య వంతెన యాప్ సర్వర్ ఒక్కటే. ప్లే స్టోర్ ఫ్యామిలీ లైబ్రరీలో కలుపుకుంటే వస్తుందేమో అని కూడా చూడకండి, యాప్ లోపల కొన్నవి అందులో పంచుకోవడం కుదరదు.

రెండో పరికరాన్ని తాజా చేయడం

వెబ్‌సైట్ ప్రీమియం చూపిస్తున్నా ట్యాబ్ ఫ్రీ అంటుంటే, అది పాత సమాచారాన్ని దాచుకుని కూర్చుంది. యాప్ అప్‌డేట్ చేసి, లాగౌట్ అయి, మళ్ళీ లాగిన్ అవ్వండి. మారకపోతే యాప్ బొమ్మను నొక్కి పట్టి App info తెరిచి Force stop, తర్వాత Clear cache. పక్కనే ఉండే Clear storage వైపు వెళ్ళకండి, డౌన్‌లోడ్ చేసుకున్న పాఠాలన్నీ పోతాయి.

ప్రీమియం చూపిస్తున్న ఫోనే తప్పు కావచ్చు

దీన్ని చాలామంది ఊహించరు. ఆటోపే మీద నడిచే నెల ప్లాన్ ఉందనుకోండి. ఈ నెల బ్యాంకులో డబ్బు లేక కోత పడలేదు. సర్వర్ ప్లాన్‌ను ఆపేసింది. ట్యాబ్ ఇంటర్నెట్‌లో ఉంది కాబట్టి వెంటనే ఫ్రీ అని చూపించింది. ఇంట్లో మూలన పడున్న పాత ఫోన్ మాత్రం నెట్ లేక, పాత ప్రీమియం గుర్తునే చూపిస్తోంది. ఇలాంటప్పుడు Subscriptions పేజీలో ఆ ప్లాన్ పక్కనే చెల్లింపు సరిచేయమని రాసి ఉంటుంది. అక్కడ చెల్లింపు పద్ధతి సరిచేస్తే రెండూ ఒకటవుతాయి.

కట్టిన డబ్బు మీరు అడగకుండానే కొద్ది రోజుల్లో వెనక్కి వచ్చి ఉంటే కారణం వేరు. ప్లే స్టోర్‌లో కొత్త కొనుగోలును యాప్ మూడు రోజుల్లోగా అందినట్టు ధృవీకరించకపోతే గూగుల్ దాన్ని రద్దు చేసి డబ్బు తిరిగి ఇచ్చేస్తుంది. అది యాప్ వైపు లోపం, మళ్ళీ కొనే ముందు వాళ్ళకు రాయండి.

ఇక ఫోన్‌లో వచ్చి టీవీలో రాకపోతే ముందు ప్లాన్ పేరు చదవండి. నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ లాంటివి ఫోన్లు, ట్యాబ్‌లకే, టీవీకి కాదు. యూట్యూబ్ ప్రీమియం అయితే టీవీలో ఎంచుకున్నది ఏ ఖాతానో చూడండి, ఇంట్లో ఇంకొకరిది తెరిచి ఉంటే ప్రకటనలు వస్తూనే ఉంటాయి.

ఇప్పటికే రెండుసార్లు కట్టేసి ఉంటే

యాప్ తీసేసినంత మాత్రాన ప్లాన్ ఆగదు. Subscriptions పేజీకి వెళ్ళి రెండోదాన్ని రద్దు చేయాలి. ప్లే స్టోర్‌లో కొన్న 48 గంటల్లోపు అడిగితే గూగుల్ దగ్గరే వాపసు దొరికే అవకాశం ఎక్కువ, ఆ గడువు దాటితే యాప్ కంపెనీని అడగాలి. యాపిల్‌లో కొన్నదానికి reportaproblem.apple.com లో అడగాలి.

కంపెనీకి రాయాల్సి వస్తే యాప్ లోపలి Help నుంచే రాయండి. గూగుల్‌లో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్లలో మోసగాళ్ళవీ ఉంటాయి. "నా ప్రీమియం రావడం లేదు" అని ఒక్క ముక్క రాస్తే ఎదురు ప్రశ్నలతోనే రోజులు గడుస్తాయి. GPA ఆర్డర్ నంబరు, రసీదు వచ్చిన మెయిల్, కట్టిన తేదీ, రెండు పరికరాల్లోని User ID, రెండింటి స్క్రీన్‌షాట్లు, వెబ్‌సైట్‌లో ఏం కనిపించిందో ఒకే సందేశంలో పెట్టండి. ఆ ఆర్డర్ నంబరు ఉంటే వాళ్ళే తమ వైపు నుంచి కొనుగోలును సరైన ఐడీకి మార్చగలరు. ఓటీపీ గానీ, యూపీఐ పిన్ గానీ ఇందులో దేనికీ అక్కర్లేదు. ఎవరైనా అడిగితే అక్కడితో మాట ఆపేయండి.